లేబుల్ ఊడిన తెల్ల పొడి: మూడు పరీక్షలతో పేరు తేలేదెలా

డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అల్మారాలు సర్దేటప్పుడు ఏటా ఒకటో రెండో అనాథ సీసాలు బయటపడతాయి. ఆమ్లపు ఆవిర్లకు లేబుల్ మీది అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, లేదా జిగురు ఎండి కాగితమే రాలిపోయి ఉంటుంది. లోపల సగానికి తెల్లటి పొడి. ఎన్ఎంఆర్ లాంటి పరికరాలున్న చోట ఇది పూట గడవకముందే తేలే పని. చిన్న ల్యాబులో ఉండేది బున్సెన్ బర్నర్, పరీక్షనాళికలు, ఒక థర్మామీటరు, రెండు మూడు ఆమ్లాలు, క్షారాలు. వాటితో చేసే మూడు పరీక్షలతోనే ఆ పొడి పేరు నమ్మకంగా చెప్పవచ్చు: నీటిలో కరుగుతుందా అని చూసే ద్రావణీయత, ఏ వేడికి కరిగి ద్రవమవుతుందో చెప్పే ద్రవీభవన స్థానం, మంటకు ఏ రంగు ఇస్తుందో చూపే జ్వాలా పరీక్ష. అయితే ఈ పరీక్షల్లో ఏదీ నేరుగా పేరు చెప్పదు. ఒక్కొక్కటి కొన్ని పేర్లను కొట్టేస్తూ పోతుంది. కాబట్టి కొట్టేయడానికి ముందు ఒక జాబితా చేతిలో ఉండాలి.

ఆ జాబితా స్టాక్ రిజిస్టరులో ఉంటుంది. ప్రపంచంలో తెల్ల పొడులు వేలల్లో ఉన్నా, ఒక ల్యాబు గత పదేళ్లలో కొన్నవి పాతికకు మించవు. వాటిలో సీసా కనబడుతున్నవాటిని పక్కన పెడితే మిగిలేవి ఇంకా తక్కువ. రిజిస్టరు తిరగేయకుండా పరీక్షనాళిక పట్టుకోవడం దండగ పని, పైగా ప్రమాదం కూడా. ఆ జాబితాలో సయనైడు, అజైడు లాంటివి ఉండి వాటి సీసాలు కనబడకపోతే, మూత కూడా తీయకుండా ఆ సీసాను రసాయన వ్యర్థాలు తీసుకెళ్లేవారికి అప్పగించాలి. ల్యాబు బయట దొరికిన పొడి సంగతి కూడా అంతే. దానికి రిజిస్టరే ఉండదు కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతి దానికి పనికిరాదు. రుచి చూడటం, సీసాలో ముక్కు పెట్టి వాసన పీల్చడం ఎప్పుడూ చేయకూడదు. ఆక్జాలిక్ ఆమ్లం, బేరియం క్లోరైడు రెండూ చూడటానికి ఉప్పులాగే ఉంటాయి, రెండూ విషాలే.

ఒక ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా చూద్దాం. రిజిస్టరు ప్రకారం ఆచూకీ లేని తెల్ల పొడులు ఇవి: సోడియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు, బేరియం క్లోరైడు, కాల్షియం కార్బొనేటు, సోడియం థయోసల్ఫేటు, యూరియా, ఆక్జాలిక్ ఆమ్లం, బెంజోయిక్ ఆమ్లం, శాలిసిలిక్ ఆమ్లం, సిన్నమిక్ ఆమ్లం, సోడియం బెంజోయేటు, సోడియం శాలిసిలేటు. మొత్తం పన్నెండు.

మొదట నీళ్లు. చిటికెడు పొడిని, అంటే సుమారు 0.1 గ్రామును, మెత్తగా నూరి పరీక్షనాళికలో వేసి మిల్లీలీటరు చొప్పున మూడు మిల్లీలీటర్ల నీళ్లు పోస్తూ బాగా కుదపాలి. గది ఉష్ణోగ్రతలోనే పూర్తిగా కలిసిపోతే కరిగినట్టు లెక్క. తొందరపడి వేడి చేస్తే లెక్క తప్పుతుంది. బెంజోయిక్ ఆమ్లం చల్లటి నీటిలో లీటరుకు మూడున్నర గ్రాములు కూడా కరగదు, మరిగే నీటిలో మాత్రం యాభై గ్రాములకు పైగా కరుగుతుంది. వేడి నాళికను చూసి ‘కరిగింది’ అని రాసుకుని పక్కన పెడితే, పది నిమిషాల తర్వాత అందులో సూదుల్లాంటి స్ఫటికాలు తేలుతుంటాయి. అలాగని కుదపకుండా వదిలేసి ‘కరగలేదు’ అనడమూ తప్పే. పెద్ద పలుకులు నిదానంగా కరుగుతాయి, అందుకే ముందు నూరాలి.

నీళ్లంటే ఇక్కడ డిస్టిల్డ్ వాటర్. మన జిల్లాల్లో చాలా కాలేజీలకు బోరు నీళ్లే దిక్కు, వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటాయి. అలాంటి నీళ్లలో సోడియం కార్బొనేటు వేస్తే తెల్లగా విరిగిపోతుంది. శుభ్రంగా కరిగే పదార్థం కరగనట్టు కనిపిస్తుంది. ఆ నీళ్లలో సోడియం కూడా ఉంటుంది కాబట్టి దాని ప్రభావం తర్వాత చేసే జ్వాలా పరీక్ష మీదా పడుతుంది.

మన సీసాలోని పొడి రెండుసార్లు కుదపగానే మొదటి మిల్లీలీటరులోనే కరిగిపోయి, ద్రావణం నీళ్లంత తేటగా వచ్చింది. ఈ ఒక్క దెబ్బతో కాల్షియం కార్బొనేటు, బెంజోయిక్, శాలిసిలిక్, సిన్నమిక్ ఆమ్లాలు జాబితాలోంచి పోయాయి. పీహెచ్ కాగితం మీద ఒక చుక్క పెడితే 8 దగ్గర రంగు చూపింది. ఆక్జాలిక్ ఆమ్లమైతే కాగితం ఎర్రబడేది, కాబట్టి అదీ పోయింది.

తర్వాత సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రిజిస్టరులో సయనైడు లేదని తెలిసినా, గుర్తు తెలియని పొడికి మొదటిసారి ఆమ్లం కలిపేటప్పుడు అర మిల్లీలీటరు ద్రావణం, రెండు చుక్కల ఆమ్లం చాలు, అదీ ఫ్యూమ్ హుడ్‌లోనే. పరీక్ష ఎంత చిన్నదైతే పొరపాటు కూడా అంత చిన్నదే అవుతుంది. ఆమ్లం సజలంగా ఎందుకుండాలి? ఉప్పు గాని, బేరియం క్లోరైడు గాని చిక్కగా కరిగి ఉన్న నాళికలో గాఢ ఆమ్లం పోస్తే క్లోరైడు అయాన్లు ఎక్కువై, కరిగినదే తెల్లటి పొడిగా మళ్లీ అడుగుకు దిగుతుంది. దాన్ని చూసి కొత్త పదార్థం పుట్టిందనుకునే విద్యార్థులు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు.

ఉదాహరణలోని నాళికలో చుక్క పడ్డ చోటే పెరుగు తునకల్లా తెల్లటి అవక్షేపం వచ్చింది. థయోసల్ఫేటైతే అలా వెంటనే రాదు. కాసేపు ఆగి, ముందు పల్చని పాలలా మారి, తర్వాత లేత పసుపు గంధకం దిగుతుంది, కాలిన అగ్గిపుల్ల ఘాటు వస్తుంది. క్లోరైడులు, యూరియా అయితే తేటగానే ఉండిపోతాయి. ఈ అవక్షేపంలో సోడియం బైకార్బొనేటు ద్రావణం పోస్తే బుడగలు వచ్చి అంతా మళ్లీ కరిగిపోయింది. మొదట వచ్చే బుడగల్లో కొన్ని మిగిలిన హైడ్రోక్లోరిక్ ఆమ్లానివే, వాటిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. ఇక్కడ చూడాల్సింది అవక్షేపం కరగడాన్ని. అంటే అది నీటిలో కరగని సేంద్రియ ఆమ్లం. అసలు పొడి ఆ ఆమ్లపు లవణం. మిగిలినవి రెండే పేర్లు: సోడియం బెంజోయేటు, సోడియం శాలిసిలేటు. మొదటిది పచ్చళ్లు, షర్బతుల సీసాల మీద 211 అనే అంకెతో కనిపించే నిల్వ పదార్థమే.

ద్రావణీయత ఒంటరిగా ఇంత దూరం తీసుకొస్తుంది. ఈ రెంటినీ విడదీయాల్సింది ద్రవీభవన స్థానం. కానీ అసలు పొడిని క్యాపిలరీ అనే సన్నటి గాజు గొట్టంలో పెట్టి లాభం లేదు. లవణాలు అయాన్ల బంధాలతో గట్టిగా అల్లుకుని ఉంటాయి, సోడియం బెంజోయేటు 300 డిగ్రీలు దాటినా కరగదు. దాన్ని వేడి చేయడానికి వాడే లిక్విడ్ పారఫిన్ తొట్టె అంతవరకు వెళ్లకముందే పొగలు కక్కుతుంది. అలాగని ఆ ప్రయత్నం పూర్తిగా వృథా కాదు. 250 దాకా కదలని పొడి లవణమయ్యే అవకాశం ఎక్కువని అది చెబుతుంది. యూరియా అయితే 133 దగ్గరే కరిగిపోయేది. కొలవాల్సింది మాత్రం ఆమ్లం చుక్కకు దిగిన ఆ అవక్షేపాన్ని.

దాన్ని ఈసారి తూకం వేసి చేయాలి. ఒక గ్రాము పొడిని 10 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 5 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా కలపాలి. మంచు నీళ్లలో పావుగంట ఉంచి వడగట్టాలి. ఐదు మిల్లీలీటర్ల చల్లటి నీటితో వడకాగితం మీదే కడగాలి. కడగకపోతే పక్కన తయారైన ఉప్పు స్ఫటికాల మధ్య చిక్కుకుంటుంది. తర్వాత ఆరబెట్టడం. చేతులు కాలేది ఇక్కడే. 100 డిగ్రీల ఓవెన్‌లో పెడితే త్వరగా ఆరుతుందనిపిస్తుంది, కానీ బెంజోయిక్ ఆమ్లం ఆ వేడికి నేరుగా ఆవిరై పోతుంది. ఓవెన్ తలుపు తీస్తే దగ్గు తెప్పించే ఆవిరి, పైకప్పుకు అంటిన తెల్లటి సూదులు, వాచ్‌గ్లాసులో తగ్గిపోయిన తూకం. రెండు వడకాగితాల మధ్య నొక్కి, తేమను పీల్చే డెసికేటర్‌లో ఒక రాత్రి ఉంచడమే సరైన పద్ధతి.

ద్రవీభవన స్థానం కొలవడం చూడటానికి చిన్న పనే గాని, అంతా చేతి నేర్పు మీద ఉంటుంది. క్యాపిలరీ ఒక చివరను మంట అంచున తిప్పుతూ మూసి, తెరిచిన చివరను పొడిలో గుచ్చి, పొడవాటి గాజు గొట్టంలోంచి బల్ల మీదికి నిట్టనిలువుగా నాలుగైదుసార్లు జారవిడిస్తే పొడి అడుగున గట్టిగా సర్దుకుంటుంది. రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తు చాలు. ఎక్కువ కూరితే పైనున్నది కరిగేసరికి థర్మామీటరు ముందుకు పోతుంది. క్యాపిలరీ అడుగు థర్మామీటరు బల్బు పక్కన ఉండేలా దారంతో కట్టి, లిక్విడ్ పారఫిన్ పోసిన థీలే ట్యూబు అనే, పక్కకు చెయ్యి ఉన్న గాజు గొట్టంలో దింపి, ఆ చేతిని వేడి చేయాలి. అంచనా ఉష్ణోగ్రతకు 20 డిగ్రీల ముందువరకు వేగంగా పోవచ్చు. అక్కడినుంచి నిమిషానికి ఒకటి రెండు డిగ్రీలే. పొడి మొదట కుంచించుకుపోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. మొదటి తడి బిందువు కనబడినప్పుడు ఒక అంకె, చివరి పలుకు కరిగి మొత్తం తేటపడినప్పుడు ఇంకో అంకె రాసుకోవాలి. ఒకే అంకె రాసినవారు సగం సమాచారాన్ని పారేసినట్టే.

ఎందుకంటే రెండు అంకెల మధ్య దూరమే శుద్ధతను చెబుతుంది. ఘన పదార్థంలో అణువులు ఒకే తీరుగా అమరి ఉంటాయి. మలినం ఆ అమరికలో ఇమడదు గాని, కరిగిన ద్రవంలో హాయిగా కలిసిపోతుంది. దాంతో ద్రవస్థితికి బలం పెరిగి, కరగడం ముందే మొదలవుతుంది, నెమ్మదిగా సాగుతుంది. ఉదాహరణలోని పొడిని సరిగా ఆరకముందే కొలిస్తే 112 దగ్గర తడిసి 118 దాకా సాగింది. రాత్రంతా ఆరాక కొలిస్తే 119.5 నుంచి 120.5. ఆ ఒక డిగ్రీ దూరం పదార్థం దాదాపు శుద్ధమని చెప్పింది. కానీ పుస్తకంలో బెంజోయిక్ ఆమ్లానికి 122 అని ఉంది. శాలిసిలిక్ ఆమ్లానికి 159. శాలిసిలిక్ అనడానికి వీల్లేదు, బెంజోయిక్ అనడానికి రెండు డిగ్రీలు తక్కువ.

ఇక్కడ చాలామంది పుస్తకపు అంకెకు దగ్గరగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ కొలుస్తారు. చివరికి వేడి చేసే వేగం పెంచి 122 తెప్పించుకుంటారు. అది తప్పు. తప్పు ఎక్కడుందో కనిపెట్టే మార్గం మిశ్రమ ద్రవీభవన స్థానం. పక్క ల్యాబు నుంచి లేబుల్ ఉన్న బెంజోయిక్ ఆమ్లం కొంచెం తెచ్చుకుని, మన పొడితో సమానంగా కలిపి బాగా నూరాలి. మూడు క్యాపిలరీలు సిద్ధం చేయాలి: ఒకదానిలో తెలియని పొడి, రెండోదానిలో తెలిసిన ఆమ్లం, మూడోదానిలో మిశ్రమం. మూడింటినీ ఒకే థర్మామీటరుకు కట్టి ఒకేసారి వేడి చేయాలి. ఉదాహరణలో మూడూ 119.5 దగ్గరే తడిసి 120.5కే తేటపడ్డాయి. థర్మామీటరు రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది, అంతే. ఒకే తొట్టెలో ఉండటంతో ఆ తప్పు మూడింటికీ సమానంగా పంచుకుపోయింది. తేల్చాల్సింది మూడూ ఒకేసారి కరిగాయా లేదా అన్నదే. ఈ ఒక్క కొలత పుస్తకపు పట్టికలన్నింటికంటే నమ్మదగినది.

వేరే పదార్థమై ఉంటే ఏం జరిగేదో చూడటానికి డిగ్రీ విద్యార్థులు చేసే యూరియా, సిన్నమిక్ ఆమ్లాల ప్రయోగం ఉంది. రెండూ విడివిడిగా 133 దగ్గరే కరుగుతాయి. సమానంగా కలిపి నూరితే మిశ్రమం వంద డిగ్రీల దరిదాపుల్లోనే తడిసిపోతుంది. బెంజోయిక్ ఆమ్లానికి కూడా అలాంటి జోడీ ఉంది. రంగుల తయారీలో వాడే బీటా నాఫ్తాల్ కూడా 122 దగ్గరే కరుగుతుంది. క్యాపిలరీ ఒక్కటే చూస్తే ఈ రెంటికీ తేడా తెలియదు. మిశ్రమం చేస్తే వెంటనే బయటపడుతుంది. బైకార్బొనేటులో అవక్షేపం కరిగినప్పుడే ఆ పేరు పోయిందని గుర్తు చేసుకోవాలి. నాఫ్తాల్ సోడియం హైడ్రాక్సైడులో కరుగుతుంది గాని బైకార్బొనేటులో కరగదు. ద్రావణీయత ముందు, ద్రవీభవనం తర్వాత అనే వరుసకు కారణం ఇదే.

ఆమ్లం ఎవరో తేలింది. దానితో జోడీ కట్టిన లోహం మిగిలింది. రిజిస్టరు సోడియం అంటోంది, రిజిస్టరు రాసింది మనిషే కాబట్టి చూసుకోవాలి. ఇందుకు జ్వాలా పరీక్ష. అసలు పొడిని తీగకు అంటించి నేరుగా మంటలో పెడితే పసుపు వెలుగు వస్తుంది, కానీ అది సాక్ష్యం కాదు. బెంజీన్ వలయం ఉన్న పదార్థాలు కాలేటప్పుడు మసి ఎక్కువ, ఆ మసి కణాలు కాగి పసుపుగానే వెలుగుతాయి. కొవ్వొత్తి మంట పసుపుగా ఉండటానికి కారణం కూడా అదే. కాబట్టి ముందు సేంద్రియ భాగాన్ని కాల్చేయాలి.

పింగాణీ క్రూసిబుల్ మూత మీద బియ్యపు గింజంత పొడి పెట్టి, మొదట దూరం నుంచి, తర్వాత దగ్గరగా వేడి చేయాలి. ఏమీ చిటపటలాడకపోతేనే ఇంకొంచెం వేయాలి. రిజిస్టరులో లేని క్లోరేటో, నైట్రేటో కలిసి ఉంటే తెలిసేది ఇక్కడే. పొడి ఉబ్బి నల్లబడింది, నల్లటి పోగుల మసితో మండింది. మూత అడుగు ఎర్రబడేదాకా కాల్చాక బూడిద రంగు తిరిగిన తెల్లటి పొర మిగిలింది. ఆ మిగలడమే ఒక జవాబు: అమ్మోనియం బెంజోయేటైతే ఏమీ మిగలదు. చల్లారాక ఒక చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే బుసబుసమని పొంగింది. సేంద్రియ ఆమ్లపు సోడియం, పొటాషియం లవణాలు కాలితే కార్బొనేటుగా మారతాయి, ఆ పొంగు కార్బన్ డైఆక్సైడుది. నల్లటి మరకలున్న ఆ చుక్కలోనే ఇప్పుడు తీగ ముంచాలి.

ప్లాటినం తీగ ధర చిన్న ల్యాబులకు భారం, నిక్రోమ్ తీగ సరిపోతుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, మంటలో పెట్టి, రంగు పూర్తిగా పోయేదాకా పదేపదే చేయాలి. ఈ ఓపిక లేనివారికి ప్రతి పొడీ సోడియమే. సోడియం పసుపు 589 నానోమీటర్ల దగ్గర వెలిగే కాంతి. కంటికి అది ఎంత బలంగా తగులుతుందో చెప్పడానికి శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్‌కాఫ్ హైడెల్‌బర్గ్‌లో చేసిన ప్రయోగం ఉంది. 1860లో ప్రచురించిన ఆ పరిశోధనలో, గదిలో ఒక మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేటును పాల చక్కెరతో కలిపి పేల్చితే, ఇంకో మూలనున్న మంట కొద్ది నిమిషాల్లో పసుపుబారింది. చేతి చెమటకు, బల్ల మీది దుమ్ముకు, బోరు నీటికి కూడా ఆ మంట అలాగే స్పందిస్తుంది. పసుపు కనబడగానే సోడియం లవణం అనేయడం ఈ పరీక్షలో అన్నిటికంటే పాత తప్పు.

అందుకే ఇక్కడా పోలిక కావాలి. అదే తీగతో ముందు డిస్టిల్డ్ వాటర్, తర్వాత పక్క ల్యాబు నుంచి తెచ్చిన, లేబుల్ ఉన్న పొటాషియం క్లోరైడు, తర్వాత ఉప్పు, చివర మన పొడి, ఒకదాని తర్వాత ఒకటి, మధ్య మధ్య శుభ్రం చేస్తూ చూడాలి. మలినంగా ఉన్న సోడియం ఒక్క క్షణం మెరిసి పోతుంది. పదార్థంలోనే ఉన్న సోడియం మంటనంతా నారింజ పసుపుతో కమ్మేసి పది సెకన్లకు పైగా నిలుస్తుంది. పొటాషియం లేత ఊదా. కొద్ది సోడియం కలిసినా ఆ ఊదా కనబడకుండా పోతుంది, అప్పుడు నీలి కోబాల్ట్ గాజు అడ్డం పెట్టాలి. ఆ గాజు పసుపును మింగేసి పొటాషియం ఎరుపూదాను వదులుతుంది. ఉదాహరణలోని పొడికి ఉప్పుతో సమానంగా పసుపు నిలిచింది. గాజులోంచి చూస్తే పొటాషియం క్లోరైడు ఎరుపూదాగా కనబడింది, మన పొడికి ఏమీ కనబడలేదు.

కంటి మీద అనుమానం తీరకపోతే తక్కెడ ఉంది. ఒక గ్రాము పొడి నుంచి దిగిన బెంజోయిక్ ఆమ్లాన్ని ఆరాక తూచాలి. సోడియం పరమాణువు తేలిక, పొటాషియం బరువు. అందువల్ల ఒక గ్రాము సోడియం బెంజోయేటులో 0.85 గ్రాముల ఆమ్లానికి సరిపడా సరుకుంటుంది, పొటాషియం బెంజోయేటులో 0.76 గ్రాములకే. చల్లటి నీటిలో కరిగిపోయేది రెంటికీ సుమారు 0.04 గ్రాములు తీసేస్తే 0.81, 0.72 రావాలి. ఉదాహరణలో 0.79 వచ్చింది. వడకాగితానికి అంటుకుపోయింది కొంత ఉంటుంది కాబట్టి అంకె ఎప్పుడూ కిందికే జరుగుతుంది. పొటాషియం లవణమైతే 0.79 రావడానికి వీల్లేదు. ఆ ఆమ్లం సరిగా ఆరకపోతే మాత్రం ఈ లెక్క మొత్తం తప్పుతుంది, తడి బరువు ఆమ్లం ఖాతాలో పడిపోతుంది. ద్రవీభవన స్థానం ఒక డిగ్రీ లోపు వచ్చిన పొడినే తూచాలి.

మెగ్నీషియం, జింకు, అల్యూమినియం లవణాలైతే మంటకు రంగే రాదు. వాటికి ఈ మూడో పరీక్ష మౌనంగా ఉంటుంది, అవక్షేపాలతో చేసే సాల్ట్ అనాలిసిస్‌కు పోవాలి. ఒకే సీసాలో రెండు పొడులు కలిసి ఉన్నా ఈ పద్ధతి తడబడుతుంది. సోడియం బెంజోయేటులో పదో వంతు ఉప్పు కలిసి ఉంటే నీటిలో కరుగుతుంది, ఆమ్లానికి అవక్షేపమిస్తుంది, కడిగిన అవక్షేపం 122కే కరుగుతుంది, మంట పసుపే. తక్కెడ మాత్రమే 0.72 దగ్గర ఆగి, పొటాషియం బెంజోయేటేమో అనిపిస్తుంది. మంట సోడియం అంటూ, తూకం పొటాషియం అంటే కల్తీని అనుమానించాలి. అప్పుడు అవక్షేపాన్ని వేరు చేయడానికి హైడ్రోక్లోరిక్ బదులు సజల నైట్రిక్ ఆమ్లం వాడి, వడగట్టిన ద్రావణంలో సిల్వర్ నైట్రేటు చుక్క వేస్తే తెల్లటి సిల్వర్ క్లోరైడు దిగి ఉప్పు సంగతి చెబుతుంది.

మన సీసాకు అది అవసరం రాలేదు. కొత్త లేబుల్ మీద రాయాల్సింది ఇది: సోడియం బెంజోయేటు, పరీక్షతో గుర్తించినది, తేదీ, పరీక్షించినవారి సంతకం, గుణాత్మక ప్రయోగాలకు మాత్రమే. ద్రావణాల గాఢత లెక్కలకు గాని, ఆహార ప్రయోగాలకు గాని దీన్ని వాడకూడదు. అందులో ఏ లోహపు ఆనవాళ్లు ఎన్ని మిల్లీగ్రాములున్నాయో క్యాపిలరీకి గాని, తీగకు గాని తెలియదు. లేబుల్ మీద అక్షరాలను పెన్సిలుతో రాసి, పైన పారదర్శక టేపు అంటిస్తే ఆమ్లపు ఆవిర్లకు చెరగవు.